ముద్దలో ఎముక

ఉగాది మర్నాడు వర్షతొడకు. బాగేపల్లి చుట్టుపక్కల ఆ పూట మాంసం ఉడకని కాపుటిల్లు ఉండదు. అందుచేత దాని మర్నాడు సర్కారు డిస్పెన్సరీ అరుగు మీద గొంతు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కనీసం అరడజను మంది ఉంటారని డాక్టరు ఆంజనేయప్పకు ముందే తెలుసు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు పండగ ఆ రోజే. ఏడాదంతా జ్వరాలూ గజ్జీ విరేచనాలూ చూసి మొద్దుబారిన నాలుకకు ఆ ఒక్కపూట పదును పెట్టుకోవచ్చు.

నుదుటి మీద గుండ్రటద్దం కట్టుకుని, స్పిరిట్ దీపం మీద చిన్న పిడి అద్దాన్ని వెచ్చజేస్తూ, వరుసలో మొదటివాణ్ణి చూసి మొదలుపెట్టేవాడు.

"దేవుడు నోట్లో ముప్పై రెండు పండ్లు పెట్టి పంపించినాడు. అవి దేనికి, పటం దించుకునేదానికా?"

వరుస నవ్వేది. గొంతులో ముల్లున్నవాడు కూడా నవ్వబోయి నొప్పికి మొహం చిట్లించేవాడు. దానికి మళ్ళీ నవ్వు.

సంగతేమంటే రాగిముద్దను ఈ సీమలో నమలరు. అన్నం నమలొచ్చు, రొట్టె నమలొచ్చు, ముద్దను మాత్రం మింగాలి. నిమ్మకాయంత తుంచి, బొటనవేలితో గుంట నొక్కి, పులుసులాంటి సారులో పొర్లించి, నాలుక మీద పెట్టి గుటుక్కున దించాలి. నమిలితే పండ్లకు అంటుకుంటుంది, చూసినవాళ్ళు ఏ సీమ మనిషో అనుకుంటారు. మంచి అలవాటే. వర్షతొడకు నాడు ఆ సారులో కత్తివేటుకు చిట్లిన ఎముక పెంకులు తేలుతుంటాయనేదే చిక్కు. ముద్దకు అంటుకున్న పెంకు నాలుకకు తగలదు. తగిలే సరికి ముద్ద దాటిపోయి ఉంటుంది.

దీన్ని జనానికి నేర్పాలని ఆంజనేయప్ప డిస్పెన్సరీ గోడకు ఒక నల్లబోర్డు కొట్టించి, దాని మీద సుద్దతో గొంతు బొమ్మ గీశాడు. చదువొచ్చినవాళ్ళకు అది గొంతులా కనిపించేది. రానివాళ్ళకు పడగెత్తిన పాములా కనిపించి, ఒకరిద్దరు దండం కూడా పెట్టారు. దాన్ని బెత్తంతో చూపిస్తూ ఆయన పాఠం చెప్పేవాడు. గొంతు వెనక మూడు కండరాలుంటాయి, అడుగులేని మూడు లోటాలను ఒకదాంట్లో ఒకటి దోపినట్టు. పైది మధ్యదాంట్లోకి, మధ్యది కిందిదాంట్లోకి దిగి ఉంటుంది. మింగడానికి మజిలీలు కూడా మూడే. మొదటిది నాలుకది. ముద్దను అంగిటికి నొక్కి వెనక్కి తోసేదాకా పెత్తనం మనదే, వద్దనుకుంటే ఉమ్మేయవచ్చు. నాలుక మొదలు దాటిందంటే పటేలుకైనా అమల్దారుకైనా అధికారం చెల్లదు. మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూస్తుంది. గొంతుపెట్టె పైకి లేచి ఊపిరిదారి మూసుకుంటుంది. ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. మూడు కండరాలూ పైనుంచి కిందికి వరసగా బిగుసుకుని ముద్దను తోస్తాయి. మూడోదాని అడుగున ఎప్పుడూ బిగించి ఉండే కట్టు ఒకటుంది, అది ఆ క్షణానికి మాత్రం వదులవుతుంది. ఇదంతా ఒక్క సెకనులో అయిపోతుంది. ఆ తర్వాత మూడో మజిలీ, ఆహారం దిగే నాళం. అది అలలా బిగుస్తూ ఎనిమిది పది సెకన్లలో ముద్దను కడుపులోకి దింపుతుంది.

"ఆ దారిలో మూడు సుంకం గేట్లు ఉండాయి," అని బెత్తం ఆనించేవాడు. పండ్లకు ఆరంగుళాల కింద, ఆ కట్టు దగ్గర, మొదటిది. అన్నిట్లోకీ ఇరుకు. తొమ్మిది పదంగుళాల దగ్గర, గుండెనుంచి వచ్చే పెద్ద రక్తనాళమూ ఎడమ ఊపిరిగొట్టమూ అడ్డంగా దాటేచోట, రెండోది. పదహారంగుళాల దగ్గర, రొమ్ముకూ పొట్టకూ నడుమ ఉన్న పొరలోంచి దూరేచోట, మూడోది. మింగకూడనిది మింగితే ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. ఎక్కువగా మొదటి గేటు దాటగానే. గొంతు కండరాలు మొండివి, దేన్నైనా బలవంతాన గేటు దాటిస్తాయి. దాటాక నాళానికి అంత బలం లేదు. దొంగసరుకు అక్కడే కూలబడుతుంది.

ఇక్కడ ఆయన గొంతు పెంచేవాడు. "అబుడు మీరేం చేస్తారు? ఇంగో ముద్ద మింగుతారు. ఎముకను కిందికి తోసేదానికి! గోడలో మేకు దిగబడిందని సుత్తి తీసుకోనిపోతారు. ఆ మేకు నాళం తూట్లు పొడిస్తే చీము రొమ్ములోకి దిగి, తోసినోడు పాడె మీద పోతాడు."

పాఠం మంచిదే. ఒక్క మాట తప్పు లేదు. చెప్పే తీరు మాత్రం, పిల్లికి ఎలుక దొరికినట్టు, దొరికినవాణ్ణి నలుగురి ముందూ పెట్టి ఆడించడం. మనుషులకు సిగ్గేస్తే బుద్ధొస్తుందని ఆయన సిద్ధాంతం. సిగ్గేసినవాడు బుద్ధి తెచ్చుకోడనీ, జబ్బును దాచుకుంటాడనీ ఆయన వైద్యపుస్తకాల్లో లేదు.

ఆయన ఇంట్లో ఉన్న ముద్ద మింగే మనిషి ఆయన మేనత్త హనుమక్క. ఊరు మండికల్లు. మూడేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడే ఆయన తల్లి పోతే, ఎత్తుకుని పెంచింది. తన మెతుకు నమిలి వాడి నోట్లో పెట్టిందో లేదో గాని, తుంచిన ముద్దకు గుంట నొక్కడం వాడి వేళ్ళకు నేర్పింది ఆవిడే. వాడు బెంగళూరులో డాక్టరు చదువు చదివి వచ్చాక, బాగేపల్లిలో వంటకూ ఇంటికీ దిక్కులేదని వచ్చి పొయ్యి పట్టుకుంది. అరవై దాటాయి. ఎదర నాలుగు, వెనక రెండు తప్ప పళ్ళు లేవు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. మేనల్లుడి సిద్ధాంతాలన్నిటికీ జవాబు ఉండేది.

"నమిలి నమిలి తినేదానికి నేనేమన్నా మేకనా?" అనేది. "మీ తాత తొంబై ఏండ్లు ముద్ద మింగినాడు. ఏ గేట్లోనూ నిలబల్లేదు."

ఈ వాదాలు ఇద్దరికీ ఇష్టమే, రెండేళ్ళ కిందటిదాకా. అప్పుడొకసారి అమల్దారూ స్కూలు ఇన్‌స్పెక్టరూ భోజనానికొచ్చారు. నడవలో ఆకులు వేశారు. ఆంజనేయప్పకు ఉత్సాహం వచ్చి, మా అత్త ఎలా మింగుతుందో చూడండి అని చేసి చూపించాడు. మెడ కొంగలా చాచి, కళ్ళు బయటికి తెచ్చి, గుటుక్కుమని చప్పుడు చేశాడు. ఇన్‌స్పెక్టరుకు నవ్వుతో పొలమారింది. హనుమక్క గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి తనూ నవ్వింది. ఆ రోజునుంచి ఆవిడ మేనల్లుడి ఎదుట తినడం మానేసింది. ఆయన తిని లేచాక వంటింట్లో తలుపు ఓరగా వేసుకుని తింటుంది. ఆయన దాన్ని గమనించనే లేదు.

ఈ కథ జరిగిన ఏడాది, అంటే పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, వర్షతొడకు మర్నాడు డిస్పెన్సరీ పొద్దున్నే నిండింది. అందరికంటే ముందు పటేలు సుబ్బరాయప్ప, ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకోగా దిగాడు. గొంతులో దుంగ ఉందన్నాడు. ఆంజనేయప్ప చెంబుడు నీళ్ళిచ్చాడు. పటేలు చెంబంతా ఖాళీ చేసి, ఇంకొంచెం అడిగాడు. అద్దం పెట్టి చూస్తే గొంతు కడిగిన పళ్ళెంలా ఉంది, ఎక్కడా ఉమ్మి నిలవలేదు. గొంతుపెట్టెను రెండువేళ్ళతో పట్టి అటూ ఇటూ జరిపితే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు తగిలినట్టే వెనకాల గరగరమని తగిలింది, నొప్పి లేదు. ఎముక రాత్రే దిగిపోయింది, పోతూ పోతూ గీసిన గీత మాత్రం మిగిలింది, ఆ గీతే దుంగలా అనిపిస్తుంది, రెండు రోజుల్లో మానుతుంది. ఈ ముక్క నమ్మించడానికి గంట పట్టింది. పటేలు ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న జబ్బేమిటని నొచ్చుకున్నాడు. "సరే అప్పా, మీకోసరం దుంగనే రాసుకుంటాను," అన్నాడు డాక్టరు. వరుస గొల్లుమంది. ఇంటికి పోయి ఈ కథ అత్తకు చెప్పాలని ఆయన ఆత్రపడ్డాడు.

చెప్పాడు. హనుమక్క నవ్వలేదు. వడ్డించి, పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడూ అంతే. ముద్ద గురించి ఆయన రెండు విసుర్లు విసిరాడు. జవాబు రాలేదు. ఆవిడ వక్కాకు సంచి గూట్లోనే ఉంది. చేతిలో మాత్రం ఒక ఇత్తడి లోటా, అడుగున బూడిద పోసింది, ఎక్కడికి పోయినా వెంట పెట్టుకుని తిరుగుతోంది. ఏమిటది అంటే, పంటినొప్పి అన్నట్టు చెంప చూపించింది. ఉన్నవే ఆరు పళ్ళు, వాటికి కూడా నొప్పా అని ఆయన నవ్వి, లవంగనూనె సీసా ఇచ్చి పోయాడు. ఇల్లు ప్రశాంతంగా ఉందని కాంపౌండరు సీనప్పతో చెప్పుకుని సంతోషించాడు కూడా. వాకిట్లో పామును చూసి తాడనుకునేవాళ్ళు ఉంటారు. ఈయన పాము బొమ్మ గోడకు గీసుకుని, పాఠం చెప్పి, దాన్నే తొక్కుతున్నాడు.

నాలుగో రోజు పొద్దున పక్కింటి చౌడమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. వరుసలో ఒదిగి నిలబడి, తన వంతు వచ్చాక గొంతు తగ్గించి అడిగింది. ఎముక దిగేదానికి ఎన్ని ముద్దలు మింగాలప్పా అని. రెండు మింగితే రెండూ తిరిగి పైకొచ్చినాయి, అరటిపండూ వచ్చింది, మూడో ముద్ద ఇంకొంచెం గట్టిగా కెలకమంటావా అని.

ఇంతకంటే చక్కటి ఎర ఆంజనేయప్పకు జన్మలో పడలేదు. బెత్తం అందుకున్నాడు. వరుసవైపు తిరిగాడు.

"ఇన్నారా? రెండు సుత్తులు విరిగినాయంట. మూడో సుత్తి ఎంత లావుండల్లనో అడగతాంది. ఎవరమ్మా ఆ మొనగత్తె? పేరు చెప్పు, బోర్డు మీద రాస్తాను."

వరుస నవ్వింది. చౌడమ్మ నవ్వులన్నీ అయిపోయేదాకా ఆగింది.

"మీ అత్తే అప్పా. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది. రాత్రి నుంచి ఒళ్ళు కాలతాంది, అందుకని వస్తిని."

సీనప్ప తర్వాత చెప్పేవాడు, డాక్టరు బెత్తాన్ని బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టాడని. అది కింద పడింది. ఆయన నుదుటి అద్దం తీయకుండానే వీధిన పడి ఇంటికి పోయాడు.

హనుమక్క పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన వస్తూనే లోటా కొంగు చాటున పెట్టుకోబోయింది. ఆయన లాక్కుని చూశాడు. సగానికి ఉమ్మి. మనిషికి రోజంతా ఊరే ఉమ్మి, తెలియకుండా గుటకవేసి దించుకునే ఉమ్మి, ఒక్క చుక్క దిగక బయటికి వస్తోంది. నోరు తెరిపించి అద్దం పెట్టాడు. గొంతుపెట్టెకు రెండు పక్కలా ఉన్న గుంటల్లో నురుగు నిలిచి ఉంది, వర్షానికి బండిచక్రాల గాడుల్లో నీళ్ళు నిలిచినట్టు. ఎముక కనిపించలేదు. అంటే అద్దానికి అందనంత కింద ఉంది. గొంతుపెట్టెను జరిపాడు. గరగర లేదు. ఆవిడ ఆయన మణికట్టును గట్టిగా పట్టుకుంది. అది మొదటి గేటు. ఆయనే గీసిన బొమ్మ మీద, ఆయనే బెత్తం ఆనించే చోట. మెడ చర్మం నొక్కి చూశాడు. నాళం చిల్లిపడి గాలి బయటికొచ్చి ఉంటే వేళ్ళకింద చిటపటమనాలి. అనలేదు. ఇంకా తూటు పడలేదు. జ్వరం మాత్రం నూటొకటి.

ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదని అడిగాడు. అరిచాడనే చెప్పాలి. ఆవిడ తల తిప్పుకుంది.

చేయగలిగింది ఆయన చేతిలో ఏమీ లేదు. లోపలికి చూసే గొట్టమూ, పట్టి లాగే పొడుగాటి పటకారూ బెంగళూరు పెద్దాసుపత్రిలోనే ఉన్నాయి. గుడ్డిగా లోపలికి ఏదైనా దూర్చి తోస్తే ఆయన కూడా ఇంకో ముద్ద మింగించినట్టే. ఇంక నీళ్ళు కూడా తాగొద్దన్నాడు. పది గంటల బస్సు అప్పుడే మార్కెట్టు దగ్గర నిలబడి ఉంది. సీనప్పకు డిస్పెన్సరీ అప్పగించి, అత్తను నడిపించుకుపోయి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అరవై మైళ్ళ పైచిలుకు దారి.

బస్సులో ఆ సంగతి దాగలేదు. వేరుశనగ మూటలతో ఎక్కిన ఈరప్ప అనే ముసలాయన లోటా చూసి విషయం కనిపెట్టి, గట్టి ముద్ద ఒకటి మింగితే సరిపోయేదానికి బెంగళూరు దేనికప్పా అన్నాడు. ఇంకో రోజైతే ఆంజనేయప్ప ఆ ముసలాయన్ను చిక్కబళ్ళాపురం దాకా నమిలి తినేవాడు. ఆ రోజు లోటా ఒలకకుండా పట్టుకున్నాడు. ప్రతి గుంటకూ బస్సు ఎగిరిపడుతోంది. ఎగిరినప్పుడల్లా లోపల ఆ పెంకు కొస ఎటు తిరిగిందో, ఏ గోడకు గుచ్చుకుందో అని ఆయన అత్త మెడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె చచ్చిపోతుందేమోనని భయం వేసింది. మింగడం గురించి ఇంత తెలిసినవాడికి, ఆ భయాన్ని మింగడం మాత్రం చేతకాలేదు.

మండికల్లు వైపు దారి చీలేచోట హనుమక్క కిటికీలోంచి అటు చూసింది. పుట్టిన ఊరు. ఆయన్ను చంకనెత్తుకుని తిరిగిన ఊరు. తిరిగి చూస్తానో లేదో అనుకుంటోందని ఆయనకు తెలిసింది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "భయం లేదత్తా," అన్నాడు. ఎప్పుడూ రోగులకు చెప్పని మాట కావడంచేత, అది సరిగ్గా రాలేదు.

పెద్దాసుపత్రిలో గొంతు సర్జన్ ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. చేయి బంగారం, నోరు కత్తి. ఆంజనేయప్ప దారిలోనే చీటీ రాసి పెట్టుకున్నాడు. హనుమక్క, ఆడమనిషి, అరవై, మాంసపు ఎముక, నాలుగు రోజులు, మొదటి ఇరుకు దగ్గర అని అనుమానం. కింద సంతకం, బాగేపల్లి డాక్టరు. చుట్టరికం రాయలేదు. చీటీలో చుట్టరికం రాసే పద్ధతి లేదని తనకు తాను చెప్పుకున్నాడు. పద్ధతి లేని మాట నిజమే. రాయబుద్ధి కాని మాట కూడా నిజమే. ఊరంతటికీ పాఠం చెప్పే డాక్టరింట్లో ఎముక నాలుగు రోజులు కూర్చుందని ఏ డాక్టరు రాసుకుంటాడు?

మెడకు పక్కనుంచి ఎక్స్‌రే తీశారు. వెన్నెముకకు ముందు, గొంతుపెట్టెకు కాస్త కింద, సన్నటి తెల్లగీత. సాయంత్రమే బల్లెక్కించారు. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, తలను బల్ల అంచు దాటించారు, ఒక మనిషి దాన్ని చేతుల్లో పట్టాడు. సర్జన్ దీపమున్న ఇనుప గొట్టాన్ని నోట్లోంచి అంగుళం అంగుళం దించాడు. కట్టు దగ్గర ఆగాడు. తోయలేదు. అది వదులయ్యేదాకా కాచుకుని, వదులవగానే దాటాడు. గోడకు నిలబడి చూస్తున్న ఆంజనేయప్పకు ఆ ఓర్పు చూసి ముచ్చటేసింది, తన మీద తనకు చీదర వేసింది. ఎముక అడ్డంగా పడి ఉంది, బొటనవేలి గోరంత మూడుమూలల పెంకు, రెండు కొసలూ రెండు గోడల్లో గుచ్చుకుని, దాని మీద రాగిపిండి మేటవేసి. పిండి పీల్చేశారు. పటకారుతో పట్టి, ఒక కొసను గోడనుంచి విడిపించి, తిప్పి, మొనను గొట్టంలోకి లాక్కుని గొట్టంతో సహా బయటికి తీశారు. గోడ ఒరుసుకుని వాచింది గాని తూటు పడలేదు. ఇంకొక్క ముద్ద మింగి ఉంటే పడేదని సర్జన్ చేతులు కడుక్కుంటూ అన్నాడు.

మూడో రోజు పొద్దున సర్జన్ వార్డులోకి రౌండుకొచ్చాడు. వెనక పదిమంది స్టూడెంట్లు. హనుమక్క దిండుకు ఆనుకుని ఉంది, ముక్కులోంచి వేసిన సన్న గొట్టం చెవి వెనక అంటించి ఉంది. జ్వరం దిగింది. మంచం కాళ్ళ దగ్గర ఆంజనేయప్ప నిలబడి ఉన్నాడు, కోటు వేసుకుని, స్టూడెంట్లలో ఒకడిలా. సర్జన్ సీసాలోని ఎముకను కిటికీ వెలుతురుకు పట్టి అందరికీ చూపించాడు. ఇది ముద్ద దేశపు జబ్బు అన్నాడు. ఈ మనుషులకు దేవుడు ముప్పై రెండు పళ్ళెందుకిచ్చాడో దేవుడికే తెలియాలి, ఫోటోకేమో అన్నాడు. అంతటితో ఆగక, మెడ చాచి కళ్ళు తెరిచి గుటుక్కుమని మింగి చూపించాడు. స్టూడెంట్లు విరగబడి నవ్వారు. నవ్వుతూ ఒకడు ఆంజనేయప్ప వైపు, మీరూ నవ్వండి అన్నట్టు చూశాడు.

ఎనిమిదేళ్ళ తన నవ్వు అది. బయటినుంచి వినడం ఇదే మొదటిసారి. అత్త వైపు చూశాడు. ఆవిడ కూడా నవ్వింది, అమల్దారు వచ్చిననాడు నవ్వినట్టే. ఆనాడు ఆ నవ్వు నిజమనుకున్నాడు.

సర్జన్ ఆవిడవైపు వంగి కన్నడంలో అడిగాడు. ఊళ్ళోనే డిస్పెన్సరీ ఉంది కదమ్మా, నాలుగు రోజులు ఎందుకు దాచావు, ఇంట్లో చెప్పేందుకు మనిషే లేడా అని. గొంతు పచ్చిపుండు, మాట్లాడవద్దన్నారు. అయినా ఆవిడ మేనల్లుడి కోటు కేసి ఒకసారి చూసి, తల అడ్డంగా తిప్పి, గాలిలాంటి గొంతుతో చెప్పింది.

"ఎవరూ లేరప్పా. ఒంటిదాన్ని."

సర్జన్ తల ఊపి తర్వాతి మంచానికి కదలబోయాడు. ఆంజనేయప్పకు కూడా ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట ఆవిడ ఆయన్ను కాపాడటానికే చెప్పింది. అది అబద్ధమని నిరూపించడానికి ఆయన దగ్గర ఈ రెండేళ్ళలో అత్తతో కలిసి తిన్న ఒక్క భోజనం కూడా లేదు.

"నేనుండాను," అన్నాడు. ఇంగ్లీషూ రాలేదు, కన్నడమూ రాలేదు. మండికల్లు మాటే వచ్చింది. "ఈయమ్మ మా అత్త. నన్ను పెంచింది ఈయమ్మే. నేను నవ్వుతానని నాకు చెప్పల్యా."

వార్డంతా ఒక్కసారి అటు తిరిగింది. స్టూడెంట్లలో తెలుగు తెలిసినవాడు తెలియనివాడికి చెబుతుంటే, సర్జన్ సీసాను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, దాన్ని మంచం పక్కన బల్ల మీద పెట్టి పోయాడు.

హనుమక్క లోటా కోసమన్నట్టు చేయి చాపింది. ఆంజనేయప్ప తీసి ఇవ్వబోయాడు. ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది. కళ్ళు మూసుకుని, నొప్పికి సిద్ధపడి గుటక వేసింది. ముడతల మెడలో గొంతుపెట్టె మెల్లగా పైకి లేచింది, ఒక్క క్షణం ఊపిరి ఆగింది, మళ్ళీ కిందికి దిగింది. ఉమ్మి దిగింది. ఆయన తన గుటక కూడా ఆపుకుని దాన్ని చూశాడు.

"ఇంగ నవ్వుకో," అంది హనుమక్క.

ఆయన చేతిలో లోటాతో అక్కడే కింద కూర్చున్నాడు. నవ్వు రాలేదు.